మోచేయి నొప్పి, బార్ పట్టుకునే తీరు

టెన్నిస్ ఎల్బో, అంటే మోచేతి బయటివైపు నొప్పి, వచ్చినవాళ్లు జిమ్‌లో మోచేయి వంచే వ్యాయామాలకి భయపడతారు. నిజానికి నొప్పిని ఎక్కువగా రేపేది వంచడం కాదు, పట్టుకోవడం. పిడికిలి బిగిస్తే వేళ్లను ముడిచే కండరాలు మణికట్టును కూడా లోపలికి లాగుతాయి. అది వంగిపోకుండా ముంజేతి వెనకవైపు కండరాలు ఎదురు లాగి నిలబెడతాయి. వాటిలో ఎక్స్‌టెన్సర్ కార్పి రేడియాలిస్ బ్రెవిస్ అనే కండరం ఉంది. దాన్ని ఎముకకు కలిపే పట్టీ లాంటి టెండన్ మోచేతి బయటివైపు ఎముక గుబ్బకు అతుక్కుని ఉంటుంది. వేలితో నొక్కితే చురుక్కుమనేది అక్కడే. కాబట్టి వీపు కోసం చేసే రోయింగ్, పుల్‌డౌన్ కూడా పట్టు ద్వారా ఆ చిన్న టెండన్ మీద భారం వేస్తాయి.

చెయ్యి ఏ స్థితిలో ఉందన్నదీ ముఖ్యమే. మోచేయి పూర్తిగా చాపి అరచేతిని కిందికి తిప్పితే ఆ టెండన్ సాగుతుంది, కింద ఉన్న ఎముకకు ఒత్తుకుంటుంది కూడా. ఆ స్థితిలోనే గట్టిగా పట్టుకుంటే భారం మరీ ఎక్కువ. అరచేతులు ముందుకి పెట్టి పుల్అప్ బార్‌కి వేలాడినప్పుడు జరిగేది ఇదే. చాలామంది గమనించని సందర్భం ఇంకొకటి ఉంది. స్టాండ్ మీంచి 10 కిలోల ప్లేటును చెయ్యి చాపి, పైనుంచి వేళ్లతో పట్టి ఎత్తడం. వ్యాయామమంతా మార్చుకున్నా నొప్పి తగ్గట్లేదంటే ముందు ప్లేట్లు ఎలా ఎత్తుతున్నారో చూసుకోవాలి. ప్లేటును ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, మోచేయి వంచి, రెండు చేతులతో ఎత్తితే చాలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. కుడి మోచేయి నొప్పి ఉన్న వ్యక్తి అరచేతులు ముందుకి పెట్టి 50 కిలోల పుల్‌డౌన్, 50 కిలోల బార్‌బెల్ రో, 80 కిలోల డెడ్‌లిఫ్ట్ చేస్తున్నాడనుకోండి. పుల్‌డౌన్‌కి అరచేతులు ఎదురెదురుగా వచ్చే హ్యాండిల్ తగిలించి 35 కిలోలకు దిగాలి. కింది నుంచి పట్టుకునే పట్టు కూడా కొందరికి సుఖంగానే ఉంటుంది, కానీ మోచేతి లోపలివైపు నొప్పి మొదలైతే మానెయ్యాలి. బార్‌బెల్ రో బదులు, ఛాతీ బెంచికి ఆనించి డంబెల్స్‌తో రో చెయ్యాలి. ఒంటిని నిలబెట్టే పని బెంచి చూసుకుంటుంది కాబట్టి తక్కువ బరువుతోనే వీపుకు సరిపడా పని దొరుకుతుంది. డెడ్‌లిఫ్ట్‌కి మణికట్టు నుంచి బార్‌కి చుట్టే స్ట్రాప్స్ కట్టుకోవాలి. బరువు మణికట్టు మీదకి మళ్లి, వేళ్లు అంతగా బిగించాల్సిన అవసరం ఉండదు. నెట్టే వ్యాయామాలు సాధారణంగా ఇబ్బంది పెట్టవు. చెయ్యి చాపి డంబెల్‌ను పక్కకి ఎత్తే లాటరల్ రైజ్ మాత్రం నొప్పి రేపొచ్చు. దాన్ని కేబుల్ కఫ్ మణికట్టుకి కట్టుకుని చేసుకోవచ్చు.

అయితే స్ట్రాప్స్‌తోనే ఆగిపోతే టెండన్‌కి పని లేకుండా పోయి, బలహీనంగానే మిగిలిపోతుంది. పూర్తి విశ్రాంతితో వచ్చే చిక్కు కూడా ఇదే. నొప్పి తగ్గినట్టుంటుంది, బరువు ఎత్తగానే తిరగబెడుతుంది. అందుకే ఆ కండరానికి విడిగా కొలిచిన పని ఇవ్వాలి. మోచేయి వంచి, ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉండేలా 2 కిలోల డంబెల్ పట్టుకుని మణికట్టును తిన్నగా నిలబెట్టాలి. 30 నుంచి 45 సెకన్ల చొప్పున 4 సార్లు, మధ్యలో నిమిషం విరామం. అది తేలికైపోయాక రోజు విడిచి రోజు కదలికతో చెయ్యాలి: పైకి 3 సెకన్లు, కిందికి 4 సెకన్లు, 12 చొప్పున 3 సెట్లు. ఆ తర్వాత మోచేతిని కొద్దికొద్దిగా చాపుతూ అదే పని చెయ్యాలి.

బరువు ఎప్పుడు పెంచాలో మర్నాటి పొద్దున తెలుస్తుంది. చేస్తున్నప్పుడు నొప్పి పదికి 3 వరకు ఉన్నా ఫర్వాలేదు. కానీ మర్నాడు లేవగానే లీటరు నీళ్ల బాటిల్‌ను చెయ్యి చాపి, పైనుంచి పట్టుకుని ఎత్తి చూడాలి. నొప్పి ముందురోజు పొద్దున్నంతే ఉంటే ఆ భారం సరిపోయినట్టు. వరసగా రెండు మూడుసార్లు అలా ఉంటే అర కిలో, కిలో పెంచొచ్చు. నొప్పి పెరిగితే ఒక మెట్టు దిగాలి, మానెయ్యనక్కర్లేదు. పుల్‌డౌన్ మళ్లీ 50 కిలోలకు చేరాక డెడ్‌లిఫ్ట్‌లో మొదటి తేలికపాటి సెట్‌కి స్ట్రాప్స్ తీసెయ్యాలి, తర్వాత రెండోదానికి. అరచేతులు ముందుకి పెట్టి వేలాడే పుల్అప్ అన్నిటికన్నా చివర రావాలి. దీనికి వారాలు కాదు, తరచూ నెలలు పడుతుంది.

త్వరగా తగ్గాలని స్టెరాయిడ్ ఇంజెక్షన్ వైపు చూసేవాళ్లకి ఒక విషయం చెప్పాలి. 2013లో వెలువడిన ఆస్ట్రేలియా అధ్యయనంలో ఇంజెక్షన్ తీసుకున్నవాళ్లకి మొదట్లో బాగా ఉపశమనం దొరికింది, కానీ ఏడాది తిరిగేసరికి ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ల కంటే వాళ్లే వెనకబడ్డారు, నొప్పి తిరగబెట్టడమూ వాళ్లలోనే ఎక్కువ. ఇక వేళ్లలో తిమ్మిరి, మెడ నుంచి దిగే నొప్పి, మోచేయి పట్టేయడం, వేళ్లు చాపలేకపోవడం లాంటివి ఉంటే అది వేరే సమస్య కావచ్చు. పట్టు మార్చి చూసేకంటే ముందు ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించుకోవాలి.