మిల్లులో పాత మోటార్లు: ఒక ఉత్తరం వెనక చరిత్ర

చిలకలూరిపేట చుట్టుపక్కల ఉన్న ఒక స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ ఇంజినీరు యాజమాన్యానికి రెండు పేజీల ఉత్తరం రాశారు. మిల్లు మొదలైనప్పటి మోటార్లలో 18 తీసేసి వాటి స్థానంలో ఎక్కువ సామర్థ్యం గల ఐఈ3 తరగతి మోటార్లు పెట్టాలన్నది ఆయన కోరిక. పాత మోటారు నేమ్‌ప్లేటు మీద సామర్థ్యం, అంటే తీసుకున్న కరెంటులో పనిగా మారే భాగం, 91.5 శాతం, కొత్తదాని మీద 93.6 శాతం అని పక్కపక్కన చూపించి, తేడాను రూపాయల్లోకి మార్చారు. ఉత్తరం మూడు రోజుల్లో వెనక్కి వచ్చింది. "నడుస్తున్న మోటారును పీకడం దేనికండీ? రెండు శాతం కోసం లక్షలు పెట్టాలా?" అన్నారు ఎండీ గారు.

విద్యుత్ పొదుపు పని మీద ఆ మిల్లుకు వెళ్తుండటం వల్ల ఆ ఉత్తరాన్ని నేనూ చదివాను. ఎండీ గారి ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు ఆ రెండు పేజీల్లో లేదు. జవాబు కావాలంటే ఆ మోటారు ఎలా తయారైంది, దాని మీద ఆ అంకె ఎలా వచ్చింది, ఇన్నేళ్లు అది ఎలా బతికింది అన్నవి తెలియాలి.

మూడు ఫేజుల కరెంటుతో తిరిగే స్క్విరల్ కేజ్ మోటారును డొలివో-డొబ్రోవోల్‌స్కీ 1889లో తయారుచేశాడు. ఈనాటి మోటారు కూడా మూలంలో అదే. మారినదల్లా అందులో పోసే రాగి, ఇనుము ఎంతన్నది. తొలినాళ్లలో వైండింగు తీగకు చుట్టే నూలు, కాగితం 105 డిగ్రీలు దాటితే తట్టుకోలేవు. మోటారు చల్లగా ఉండాలి కాబట్టి తీగ లావుగా, ఇనుప కోరు బరువుగా ఉండేవి. తర్వాత కృత్రిమ ఎనామెళ్లు వచ్చి, ఇన్సులేషన్ 130, 155 డిగ్రీల దాకా తట్టుకునే రోజులు వచ్చాయి. వేడెక్కినా ఫర్వాలేదు అనగానే తయారీదారులు అదే హార్స్‌పవరును చిన్న బాడీలో ఇరికించడం మొదలుపెట్టారు. అమెరికాలో 1952లో ఒకసారి, 1964లో ఇంకోసారి మోటారు ఫ్రేము కొలతలు కుదించారు. కరెంటు చవకగా దొరికే కాలం అది. మోటారు వేడిగా నడిస్తే ఆ వేడి బిల్లులో పడుతుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అందుకే 1970ల నాటి మామూలు మోటారు చాలా సందర్భాల్లో తన ముందు తరం మోటారు కంటే ఎక్కువ కరెంటు తాగేది.

1973 చమురు సంక్షోభం తర్వాత లెక్క తిరగబడింది. అమెరికా 1992లో చట్టం చేసి, 1997 నుంచి కొత్త మోటార్లకు కనీస సామర్థ్యం తప్పనిసరి చేసింది. యూరప్‌లో 1998లో తయారీదారులు తమంతట తామే మోటార్లను మూడు తరగతులుగా విడగొట్టుకున్నారు. ఒక్కో దేశానిదీ ఒక్కో పేరు కావడంతో, 2008లో అంతర్జాతీయ ప్రమాణం ఐఈ1, ఐఈ2, ఐఈ3 అనే ఉమ్మడి పేర్లు పెట్టింది. 2014లో ఐఈ4 కూడా చేరింది. మన దగ్గర ఎక్కువ సామర్థ్యం గల మోటార్లకు ఐఎస్ 12615 అనే ప్రమాణం 1989లోనే ఉంది. కానీ అది కావాలనుకున్నవాళ్లకే. మామూలు మోటార్లన్నీ ఐఎస్ 325 కిందే వచ్చేవి. ఐఈ2 కంటే తక్కువ తరగతి మోటారు అమ్మకూడదన్న ఆదేశం 2017లో గాని రాలేదు.

ఈ చట్టాలన్నింటిలో ఉమ్మడిగా ఉన్న ఒక సంగతిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇవన్నీ కొత్తగా అమ్మే మోటారు గురించే మాట్లాడతాయి. మిల్లులో ఇప్పటికే తిరుగుతున్న మోటారు జోలికి ఏదీ రాదు. అది కాలిపోతే రీవైండింగు షాపుకు పోతుంది, వారంలో తిరిగి వస్తుంది, మళ్లీ తిరుగుతుంది. ఇలా ఎన్నిసార్లయినా చేయించవచ్చు. అందువల్ల పాత మోటారును కదిలించాలంటే చట్టం చాలదు, లోపలి మనిషి ఎవరో ఒకరు ఉత్తరం రాయాల్సిందే.

ఇక ఆ 91.5 అనే అంకె సంగతి. మోటారులో నష్టాలు ఐదు చోట్ల జరుగుతాయి: కదలకుండా ఉండే స్టేటరు తీగలో, లోపల తిరిగే రోటరులో, ఇనుప కోరులో, బేరింగుల్లో, ఫ్యానులో కలిపి రాపిడిగా, ఆపైన విడిగా పట్టుకోవడం కష్టమైన చిల్లర నష్టాలు. పాత పరీక్షా పద్ధతిలో ఈ చివరివాటిని కొలిచేవారు కారు. ఇన్‌పుట్‌లో అర శాతం అని అనుకుని రాసేసేవారు. నిజానికి అవి చాలా మోటార్లలో ఒక శాతం, అంతకు పైన కూడా ఉంటాయి. 2007లో అంతర్జాతీయ పరీక్షా పద్ధతి మారి, వాటినీ కొలిచి చూపాలన్నారు. కాబట్టి పాత నేమ్‌ప్లేటు మీది 91.5, కొత్తదాని మీది 93.6 ఒకే కొలబద్దతో కొలిచినవి కావు. పాత అంకె పుట్టినప్పుడే కొంచెం పెద్దది. మన ఇంజినీరు ఆ రెండింటినీ తీసివేసి తన వాదాన్ని తానే తగ్గించుకున్నారు.

దాని మీద రీవైండింగు దెబ్బ వేరే. కాలిన తీగ సులువుగా ఊడి రావాలని చిన్న షాపుల్లో స్టేటరును మంట పెట్టి కాలుస్తారు. కోరులోని పల్చటి ఇనుప రేకుల మధ్య ఇన్సులేషన్ పూత ఉంటుంది. కోరు వేడి 370 డిగ్రీలు దాటితే ఆ పూత పాడై, రేకుల మధ్య కరెంటు సుడులు తిరగడం మొదలవుతుంది. మోటారు ఖాళీగా తిరిగినా వేడెక్కుతుంది. దీనికి రీవైండింగునే తప్పు పట్టకూడదు. మోటారు రిపేరు సంస్థల సంఘాలైన అమెరికా ఈఏఎస్ఏ, బ్రిటన్ ఏఈఎంటీ కలిసి 2003లో ప్రకటించిన పరీక్షల్లో, వేడిని అదుపులో పెట్టి, అదే మందం తీగతో, అన్నే చుట్లు చుడితే సామర్థ్యం దాదాపు తగ్గలేదు. మన దగ్గర కష్టం ఏమిటంటే రాత్రికి రాత్రి మోటారు కావాలి, షాపులో ఉష్ణోగ్రత కొలిచే ఓవెన్ ఉండదు, ఆ సైజు తీగ లేకపోతే ఉన్న తీగ చుడతారు. ఈ మిల్లులో ఒక్కో మోటారు ఎన్నిసార్లు షాపుకు వెళ్లిందో రాసిన రిజిస్టరు కూడా లేదు. స్టోర్సులో పాత బిల్లులు తిరగేసి లెక్క తేల్చాల్సి వచ్చింది.

ఆ బిల్లుల దగ్గరే ఇంకో విషయం కనిపించింది. రీవైండింగు ఖర్చు మెయింటెనెన్స్ పద్దులోది, మేనేజరు సంతకంతో అయిపోతుంది. కొత్త మోటారు మూలధనం పద్దు, ఎండీ గారి దాకా వెళ్లాలి. కరెంటు బిల్లు మిల్లు మొత్తానికి ఒక్కటే, అందులో ఏ మోటారు ఎంత తాగిందో కనపడదు. ఎవరి పద్దు వాళ్లు సక్రమంగానే చూసుకుంటున్నారు. పాత మోటారు మాత్రం ఆ మూడింటి మధ్య క్షేమంగా ఉండిపోయింది.

అప్పుడు నూలు వడికే రింగ్ ఫ్రేం మోటారును ఒకదాన్ని తీసుకుని కొలవాలని నిర్ణయించాం. 30 కిలోవాట్లది, మూడుసార్లు రీవైండ్ అయింది. లోడు మీద పవర్ ఎనలైజర్ పెడితే 25.3 కిలోవాట్లు లాగుతోంది. వారం సెలవు రోజున బెల్టులు విప్పి ఖాళీగా తిప్పితే 1.7 కిలోవాట్లు చూపింది. ఆ సైజు మోటారుకు అది ఎక్కువ, కోరు దెబ్బతిన్నదనడానికి అదే గుర్తు. మోటారు వేడి మీద ఉండగానే వైండింగు రెసిస్టెన్సు కొలిచి స్టేటరు నష్టం కట్టాం. టాకోమీటరుతో లోడు మీద వేగం నిమిషానికి 1,478 చుట్లు అని చూసి, స్టేటరులోని అయస్కాంత క్షేత్రం తిరిగే వేగమైన 1,500కి అది ఎంత తక్కువో దాన్నిబట్టి రోటరు నష్టం తీశాం. అన్నీ కలిపితే నష్టం సుమారు 2.75 కిలోవాట్లు, అంటే షాఫ్టు మీదికి వస్తున్నది 22.5. నిజమైన సామర్థ్యం 89 శాతం.

అదే పనికి 93.6 శాతం మోటారు 24.05 కిలోవాట్లు తీసుకుంటుంది. తేడా 1.25 కిలోవాట్లే. కానీ మూడు షిఫ్టుల మిల్లులో ఏడాదికి 8,000 గంటలు తిరుగుతుంది, కాబట్టి 10,000 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు వేసుకుంటే 70,000 రూపాయలు. మోటారు కొటేషన్ లక్షా పాతిక వేలు, కాబట్టి రెండేళ్ల లోపు డబ్బు తిరిగొస్తుంది. ఎండీ గారిని ఆపి ఆలోచింపజేసిన అంకె మాత్రం ఇది కాదు. ఆ పాత మోటారు ఏడాదికి తాగే కరెంటు ఖరీదు 14 లక్షలు దాటుతుందని, కొత్త మోటారు ధర దానిలో పదో వంతు కూడా లేదని చూసినప్పుడు ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నారు.

ఇలాంటి ఉత్తరాలను తర్వాత దెబ్బతీసే పొరపాటు ఒకటుంది. దాని గురించి ఇంజినీరుకు గట్టిగా చెప్పాను. ఎక్కువ సామర్థ్యం గల మోటారులో రోటరు నష్టం తక్కువ, అందువల్ల కొంచెం వేగంగా తిరుగుతుంది. మిల్లు గాలిలో తేమ నిలిపే హ్యూమిడిఫికేషన్ ప్లాంటు ఫ్యానుకు వేగం ఒక శాతం పెరిగితే శక్తి మూడు శాతం పెరుగుతుంది. 1,455 వేగంతో తిరిగే 15 కిలోవాట్ల పాత మోటారు 88 శాతం సామర్థ్యంతో 13.6 కిలోవాట్లు తీసుకుంటోందనుకుందాం. దాని స్థానంలో 92.1 శాతం మోటారు పెడితే 13.0కు దిగాలి. కొత్తది 1,475 వేగంతో తిరిగితే మళ్లీ దాదాపు 13.6కే చేరుతుంది. ఫ్యాను గాలి ఎక్కువ తోస్తుంది గాని బిల్లు తగ్గదు. ఆరు నెలల తర్వాత "మీరు చెప్పిన ఆదా ఏదండీ?" అని అడిగితే చెప్పడానికి ఏమీ ఉండదు. మోటారు మార్చిన రోజే మోటారు పుల్లీని 200 మిల్లీమీటర్ల నుంచి 197కు తగ్గిస్తే ఫ్యాను పాత వేగానికి వస్తుంది. రింగ్ ఫ్రేముకూ ఇదే జాగ్రత్త కావాలి, లేకపోతే స్పిండిల్ వేగం పెరిగి దారం తెగడం ఎక్కువవుతుంది. కొత్త మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు కరెంటు కూడా కాస్త ఎక్కువ లాగుతుంది కాబట్టి బ్రేకరు సెట్టింగు చూసుకోవాలి.

రెండోసారి రాసిన ఉత్తరంలో 18 మోటార్లు లేవు. కొలిచిన వాటిలో ఏడాదంతా తిరిగేవి, ఖాళీగా తిప్పినా ఎక్కువ లాగేవి 7 తేలాయి. వాటిని ఇప్పుడే మార్చాలని అడిగారు. మిగతావి నడుస్తున్నంత కాలం నడవనిచ్చి, కాలిన రోజున రీవైండింగుకు పంపకుండా ఐఈ3 పెట్టాలని, అందుకు రెండు స్పేరు మోటార్లు ముందే స్టోర్సులో ఉంచాలని కోరారు. రోజుకు రెండు గంటలే తిరిగే బావి పంపు మోటారును జాబితాలోంచి తీసేశారు, దాన్ని మార్చినా పెట్టిన డబ్బు ఎన్నేళ్లకూ రాదు. ప్రతి మోటారుకూ ఒక కార్డు పెట్టి, షాపుకు వెళ్లిన తేదీ, వచ్చాక ఖాళీ లోడులో లాగిన కిలోవాట్లు రాయాలని చివర్లో చేర్చారు. మొదటి మూడు మోటార్లకు ఆమోదం వచ్చింది. మిగతా నాలుగూ ఆ మూడింటి మీటరు రీడింగులు చూశాక అన్నారు ఎండీ గారు.