మునిగిన చోట నిలవడమే కష్టం: జలాంతర్గామి ట్రిమ్ వెనుక చరిత్ర

2024 అక్టోబరు 15న వికారాబాద్ జిల్లా దామగుండంలో, అతి తక్కువ పౌనఃపున్య తరంగాలతో నీటి కింది జలాంతర్గాములకు సంకేతాలు పంపే నౌకాదళ వీఎల్‌ఎఫ్ రేడియో కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. అప్పటి నుంచి సముద్రమే లేని మన రాష్ట్రంలో కూడా జలాంతర్గాముల ప్రస్తావన తరచుగా వస్తోంది. అడవి గురించి, చెట్ల గురించి సాగిన చర్చ అందరికీ తెలిసిందే; ఆ చర్చ నడుస్తున్న రోజుల్లో హనుమకొండలో నా భౌతికశాస్త్రం క్లాసులో ఒక ఇంటర్ విద్యార్థి వేసిన ప్రశ్న మాత్రం నన్ను ఇంకో దారి పట్టించింది. "సార్, ఆ సిగ్నల్ నీళ్లల్లకు పది, ఇరవై మీటర్లే పోతదంటున్నరు. మరి జలాంతర్గామి సరిగ్గ ఆ లోతులనే ఎట్ల ఆగుతది? పట్టుకునేందుకు అక్కడ ఏం లేదు గదా!" అని అతను అడిగాడు. ఈ ప్రశ్నకు పనికివచ్చే సమాధానం దొరకడానికి మనిషికి నూరేళ్లకు పైగా పట్టింది. ఎందుకంటే మునగడానికి కావలసిన నీళ్లు వేరు, మునిగిన చోట నిలవడానికి కావలసిన నీళ్లు వేరు అనే సంగతి మొదట్లో ఎవరికీ స్పష్టంగా తెలియదు.

మునగడం సంగతి చెరువు గట్టు మీద కూర్చుని చెంబుతో చూడవచ్చు. చెంబును బోర్లించి నీళ్లలోకి అదిమితే లోపలి గాలి దాన్ని పైకే తోస్తుంది. ఇప్పుడు పైకి తిరిగిన దాని అడుగున చిన్న రంధ్రం ఉంటే ఆ గాలి బుడబుడమంటూ పైకి పోతుంది, కింది నుంచి నీళ్లు నిండుతాయి, చెంబు మునుగుతుంది. జలాంతర్గామి ప్రధాన బ్యాలస్ట్ ట్యాంకులు చాలావరకు ఈ బోర్లించిన చెంబులే. మనుషులుండే గట్టి ఉక్కు గొట్టానికి బయట వీటిని అమరుస్తారు. వీటి అడుగున నీళ్లు వచ్చే దారి ఉంటుంది, పైన వెంట్ వాల్వులు ఉంటాయి. వెంట్లు మూసి ఉన్నంతసేపు లోపల చిక్కుకున్న గాలి నౌకను తేల్చి ఉంచుతుంది. వాటిని తెరిస్తే గాలి పోతుంది, ట్యాంకులు పూర్తిగా నిండుతాయి, నౌక బరువు అది తొలగించిన నీటి బరువుకు దాదాపు సమానమవుతుంది.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. తేలే పడవను కొద్దిగా అదిమితే అది ఇంకొంచెం నీటిని తొలగించి తనంతట తానే పైకి వస్తుంది. పూర్తిగా మునిగిన నౌకకు ఆ ఆధారం ఉండదు. పైగా లోతుకు పోయినకొద్దీ ఒత్తిడికి ఉక్కు గొట్టం కొద్దిగా కుంచించుకుపోతుంది. అది తొలగించే నీళ్లు తగ్గుతాయి, నౌక ఆ మేరకు బరువెక్కి ఇంకా కిందికి జారుతుంది. పైకి కదిలితే దీనికి సరిగ్గా వ్యతిరేకం జరుగుతుంది. అంటే బరువు ఎంత సరిగ్గా తూచినా సరే, ఊరికే వదిలేస్తే నౌక ఒక లోతును పట్టుకుని ఉండదు.

తొలి ప్రయత్నాల్లో ఈ సంగతి బయటపడే అవకాశమే తక్కువ. 1775లో అమెరికాలో డేవిడ్ బుష్నెల్ నిర్మించిన 'టర్టిల్' ఒక్క మనిషి పట్టే చెక్క గుడ్డు లాంటిది. అందులోని మనిషి కాలితో వాల్వు నొక్కి అడుగుకు నీళ్లు రానిచ్చేవాడు, చేతి పంపుతో బయటికి తోడేవాడు. అంత పొట్టి నౌకలో ముందు భాగం, వెనుక భాగం అనే తేడా పెద్దగా ఉండదు కాబట్టి అది ఒరిగినా తేలికగానే సర్దుకునేది. నౌక పొడవు పెరిగాకే కష్టం తెలిసివచ్చింది.

1880లలో స్వీడన్‌కు చెందిన ఆయుధ వ్యాపారి నోర్డెన్‌ఫెల్ట్, ఇంగ్లండ్‌కు చెందిన జార్జ్ గారెట్ కలిసి ఆవిరితో నడిచే జలాంతర్గాములను తయారుచేసి గ్రీసుకు, ఆ తర్వాత టర్కీకి అమ్మారు. నీటి పైన అవి బాగానే నడిచేవి, నీటి కింద మాత్రం నిలకడ ఉండేది కాదు. ముక్కు కాస్త వంగగానే బాయిలర్లలోని నీళ్లు, సగం నిండిన ట్యాంకుల్లోని నీళ్లు అంతా ఆ పక్కకే పరుగెత్తేవి. ఆ బరువుకు ముక్కు ఇంకా వంగేది. సరిచేయబోతే నీళ్లన్నీ వెనక్కి దొర్లి తోక దిగేది. టర్కీ కొన్న 'అబ్దుల్ హమీద్' నీటి కింద నుంచి టార్పెడో వదిలిన తొలి జలాంతర్గామిగా పేరు పొందింది. కానీ ముందు భాగం నుంచి అంత బరువు ఒక్కసారిగా పోవడంతోనే దాని సమతూకం చెదిరేది. మన ఇళ్లల్లో 'నిండు కుండ తొణకదు' అనే మాటను మనిషి స్వభావానికి వాడతాం. జలాంతర్గామి విషయంలో అది అక్షరాలా నిజం. బిందె సగమే నింపి చంకన పెట్టుకుని నడిచిన వాళ్లకు ఆ నీళ్లు నడుమును ఎటు లాగుతాయో తెలుసు.

దీన్ని పద్ధతిగా పరిష్కరించినవాడు జాన్ ఫిలిప్ హాలండ్. ఐర్లండ్‌లో పుట్టి అమెరికాకు వలసపోయిన ఈ బడిపంతులు కట్టిన 'హాలండ్ 6' సుమారు 16 మీటర్ల పొడవుతో 1897 మే 17న నీటిలోకి దిగింది. 1900 ఏప్రిల్ 11న అమెరికా నౌకాదళం దాన్ని కొనుక్కుంది. ప్రధాన ట్యాంకులు నిండితే పూర్తిగా నిండాలి, లేకుంటే పూర్తిగా ఖాళీగా ఉండాలి, మధ్యస్థంగా ఉండకూడదు అనేది హాలండ్ పట్టుదల. మిగిలిన కొద్దిపాటి తేడాను చిన్న ట్యాంకులు చూసుకోవాలి. నౌక ఎప్పుడూ రవ్వంత తేలిక వైపే ఉండాలి. ముందుకు పోయే వేగంతో, తోక దగ్గరి అడ్డ చుక్కానితో ముక్కు వంచి దాన్ని కిందికి నడపాలి. విమానం గాలిలో చేసే పనిని ఇది నీటిలో చేసింది. నా దృష్టిలో ఆధునిక జలాంతర్గామి పుట్టుక ఇంజనులోనో టార్పెడోలోనో కాదు, నీళ్లను ఇలా రెండు రకాలుగా విడదీయడంలో ఉంది.

ఆ చిన్న ట్యాంకులతో చేసే సర్దుబాటునే ట్రిమ్ అంటారు. ముక్కు దగ్గర ఒకటి, తోక దగ్గర ఒకటి ట్రిమ్ ట్యాంకులుంటాయి. వాటి మధ్య నీళ్లను అటూ ఇటూ పంపితే మొత్తం బరువు మారదు, వాలు మాత్రం మారుతుంది. నడిమిలో ఉండే సర్దుబాటు ట్యాంకుల్లోకి సముద్రం నుంచి నీళ్లు తీసుకుంటే, లేదా బయటికి తోడితే, వాలు మారకుండా బరువు మారుతుంది. రేవు విడిచే ముందే తిండి, నీళ్లు, ఇంధనం, ఆయుధాలు, మనుషులు అన్నీ లెక్కగట్టి వీటిని నింపుతారు. ఆ లెక్క సరిపోయిందో లేదో తొలి మునకలో తేలుతుంది. వేగంగా పోతున్నప్పుడు నౌకను పైకీ కిందికీ నడిపే పక్క రెక్కలు తప్పును కప్పేస్తాయి కాబట్టి వేగాన్ని బాగా తగ్గించి చూస్తారు. లోతు నిలపడానికి రెక్కలను ఎప్పుడూ పైకి ఎత్తి పట్టవలసి వస్తే నౌక బరువుగా ఉన్నట్టు. అప్పుడు నడిమి ట్యాంకు నుంచి నీళ్లు తోడతారు. లోతు నిలిచి ముక్కు మాత్రం వంగుతుంటే ముందరి నీళ్లను వెనక్కి పంపుతారు.

సముద్రంలో రోజులు గడిచేకొద్దీ ఈ లెక్క మారుతూనే ఉంటుంది. డీజిల్ కాలితే నౌక తేలికవ్వాలి కదా అనుకుంటాం. కానీ చాలా డీజిల్ జలాంతర్గాముల్లో ఇంధనం తగ్గినకొద్దీ ఆ ట్యాంకు అడుగు నుంచి సముద్రపు నీరు వచ్చి ఖాళీని నింపుతుంది. డీజిల్ కంటే ఆ నీరు బరువైనది కాబట్టి 100 టన్నుల డీజిల్ కాలేసరికి సుమారు 120 టన్నుల నీరు చేరి, నౌక 20 టన్నులు బరువెక్కుతుంది. ఆ 20 టన్నుల మేరకు నీటిని సర్దుబాటు ట్యాంకుల నుంచి ఎప్పటికప్పుడు తోడుతూ పోవాలి.

సముద్రం కూడా అన్ని చోట్లా ఒకేలా ఉండదు, ఇందులో మన గోదావరికీ పాలుంది. వానాకాలంలో కాళేశ్వరం, ఏటూరునాగారం దాటిపోయే వరద చివరికి బంగాళాఖాతంలో కలుస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, కృష్ణ కూడా అక్కడికే చేరతాయి. అందువల్ల ఆ సముద్రపు పైపొర ఉప్పదనం తగ్గి తేలికపడుతుంది, దాని కింద ఉప్పటి బరువైన నీరు ఉంటుంది. 2,000 ఘనపు మీటర్ల జలాంతర్గామిని లెక్కకు తీసుకుందాం. ఘనపు మీటరుకు 1,025 కిలోల బరువుండే నీటిలో అది తొలగించేది 2,050 టన్నులు. అదే నౌక 1,020 కిలోల పైపొరలోకి వస్తే తొలగించేది 2,040 టన్నులే. లోపల ఒక్క వస్తువు కూడా కదలకుండానే నౌక 10 టన్నులు బరువెక్కినట్టవుతుంది. పైపొరలో ట్రిమ్ కుదిరిన నౌక కిందికి దిగబోతే, ఆ మేరకే తేలికై, బరువైన నీరు దాన్ని దిగనివ్వదు.

ఇక పైకి రావడం. ప్రధాన ట్యాంకుల్లోకి అధిక పీడన గాలిని వదిలి నీళ్లను కింది దారి గుండా బయటికి నెట్టడమే ఇందులో కీలకం. అయితే 300 మీటర్ల లోతులో నీటి ఒత్తిడి ఉపరితలం మీద ఉన్న దానికి సుమారు 31 రెట్లు. అంటే అదే ట్యాంకును అక్కడ ఖాళీ చేయడానికి అన్ని రెట్లు గాలి కావాలి. నౌకలోని సీసాల్లో అదిమి నింపుకున్న గాలి కొంతే కాబట్టి మామూలు రోజుల్లో వేగంతో, రెక్కలతో పైదాకా వచ్చి, ఆ తర్వాతే ట్యాంకులను ఊదుతారు. లోతున గాలి ఊదడం ప్రమాదం వచ్చినప్పటి మాట.

ఆ చివరి ఆసరా కూడా విఫలమైన రోజు 1963 ఏప్రిల్ 10. అమెరికా అణు జలాంతర్గామి 'థ్రెషర్' అట్లాంటిక్‌లో లోతు పరీక్ష చేస్తోంది. చిన్న ఇబ్బంది వచ్చిందనీ, ముక్కు పైకే ఉందనీ, ట్యాంకులు ఊదే ప్రయత్నం చేస్తున్నామనీ పైన ఉన్న తోడు నౌకకు కబురు వచ్చింది. ఆ తర్వాత కొద్ది నిమిషాలకే అది 129 మందితో సహా మునిగిపోయింది. ఇంజను గదిలో గొట్టం అతుకు విడిపోయి నీళ్లు చేరి, రియాక్టరు ఆగిపోయి ఉంటుందని విచారణ సంఘం అభిప్రాయపడింది. కదలిక ఆగితే రెక్కలకు పట్టు ఉండదు, మిగిలేది గాలి ఒక్కటే. అదే తరగతికి చెందిన 'టినోసా'లో రేవులోనే ఊది చూస్తే, వేగంగా వ్యాకోచించిన గాలి చల్లబడి, అందులోని తేమ గొట్టాల్లోని జల్లెడల మీద మంచుగా గట్టిపడి దారి మూసేసింది. సీసా నిండా గాలి ఉన్నా ట్యాంకుకు చేరలేదు. ఆ తర్వాత గాలిని ఆరబెట్టే యంత్రాలను మెరుగుపరిచారు, అత్యవసర ఊదుడు వ్యవస్థను కొత్తగా కట్టారు, సముద్రపు నీరు తగిలే ప్రతి అతుకునూ కాగితం మీద రుజువు చేయాలన్న నియమాన్ని అదే ఏడాది తెచ్చారు.

విశాఖ తీరంలో ప్రదర్శనకు ఉంచిన ఐఎన్‌ఎస్ కుర్సురాకు పిల్లలను తీసుకుపోయినప్పుడు ఆ విద్యార్థిని నియంత్రణ గదిలోనే ఆపాను. గోడ నిండా వాల్వుల చక్రాలు, వాటి పక్కన లోతు చూపే గడియారాలు ఉన్నాయి. దామగుండం లాంటి కేంద్రం పంపే సంకేతాన్ని వినడానికి నౌక, లేదా అది వెనక లాగే యాంటెనా తీగ, ఉపరితలానికి దగ్గరగా రావాలి. వరద నీటి తేలిక పొరలోకి వస్తూ నౌక బరువెక్కుతుంది కాబట్టి కొన్ని టన్నులు తోడాలి. ఇంకాస్త పైకి వస్తే పెద్ద అలలు నౌక వీపును పైకి పీలుస్తాయి. అప్పుడు మళ్లీ నీళ్లు తీసుకుని కావాలనే కొంచెం బరువుగా ఉంచాలి, లేకుంటే పై గోపురం అలల మధ్య బయటపడుతుంది. "అంటే సార్, అది ఆగుడు కాదు, ఆగకుండ తూచుకునుడు" అన్నాడు అతను, లోతు గడియారం ముల్లు వైపు చూస్తూ.