ఇన్ఫర్మేషన్ గెయిన్ వెనుక చరిత్ర: ఆదా అయిన బిట్ల లెక్క

ఫైలును ఎంతవరకు కుదించవచ్చో చెప్పేది ఎంట్రోపీ అని, ఏ ఫీచర్‌ను ఉంచుకోవాలో తేల్చేది మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ అని, డెసిషన్ ట్రీ ఏ ప్రశ్న దగ్గర చీలాలో చెప్పేది ఇన్ఫర్మేషన్ గెయిన్ అని మూడు వేర్వేరు పాఠాలుగా చదువుకుంటాం. నిజానికి ఈ మూడూ ఒకే లెక్క. దాని మూలం 1948లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన క్లాడ్ షానన్ రాసిన పరిశోధన వ్యాసంలో ఉంది.

ఒక మూలం నుంచి వచ్చే గుర్తులను ఏమీ పోకుండా కోడ్ చేయాలంటే, ఒక్కో గుర్తుకు సగటున కనీసం ఎన్ని బిట్లు కావాలో ఆ సంఖ్యే ఎంట్రోపీ, H(Y). అదే వ్యాసంలో షానన్ రొదతో కూడిన చానల్‌ను కూడా పరిశీలించి, పంపిన Y ఎంట్రోపీలోంచి, అందిన X చూశాక కూడా మిగిలిపోయే అనిశ్చితిని తీసివేశారు. ఆ తేడాకే తరువాత మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ అనే పేరు స్థిరపడింది: I(X;Y) = H(Y) − H(Y|X). 1952లో డేవిడ్ హఫ్‌మన్ ప్రచురించిన కోడ్‌తో కంప్రెషన్‌కు చక్కటి ఆచరణ మార్గం దొరికింది.

ఈ లెక్కను డెసిషన్ ట్రీలు అనే చెట్లలోకి తెచ్చి ప్రసిద్ధం చేసినవారు ఆస్ట్రేలియాకు చెందిన రాస్ క్విన్లన్. ఏనుగు, గుర్రం మిగిలిన చదరంగపు ముగింపు స్థితుల్లో గుర్రం పక్షం ఓడిపోతుందో లేదో ఉదాహరణల నుంచి నేర్చుకోవాలన్న సమస్యను 1978లో కృత్రిమ మేధ పరిశోధకుడు డొనాల్డ్ మిచీ ముందుకు తేగా, దాని కోసం క్విన్లన్ ID3 పద్ధతిని రూపొందించారు. 1986లో ఆయన దానిని వివరిస్తూ ఇచ్చిన 14 వరుసల చిన్న పట్టికను నేటికీ తరగతుల్లో వాడుతున్నారు. అందులో ఒక్కో వరుస ఒక శనివారం ఉదయపు వాతావరణం. చెట్టు ఊహించాల్సిన లేబుల్ 9 వరుసలకు P, 5 వరుసలకు N.

ఈ పట్టికనే కంప్రెషన్ కళ్లతో చూద్దాం. 9, 5 నిష్పత్తికి ఎంట్రోపీ 0.940 బిట్లు కాబట్టి, 14 లేబుళ్లను పంపడానికి సుమారు 13.2 బిట్లు కావాలి. ఇప్పుడు పంపేవారి దగ్గరా అందుకునేవారి దగ్గరా ఆకాశం ఎలా ఉందో తెలిపే కాలమ్ ఉందనుకుందాం. మబ్బు పట్టిన 4 రోజులూ P కాబట్టి వాటికి బిట్లు అక్కరలేదు. ఎండ రోజులు 5 (2 P, 3 N), వాన రోజులు 5 (3 P, 2 N). వీటిలో ఒక్కో లేబుల్‌కు 0.971 బిట్లు పడతాయి. మొత్తం 9.7 బిట్లకు తగ్గింది. ఆదా అయిన దాదాపు 3.5 బిట్లను 14తో భాగిస్తే 0.247 వస్తుంది. ఈ కాలమ్‌కు ID3 వేసే ఇన్ఫర్మేషన్ గెయిన్ ఇదే, ఫీచర్ సెలెక్షన్‌లో లెక్కించే మ్యూచువల్ ఇన్ఫర్మేషన్ కూడా ఇదే. తేమకు 0.152, గాలికి 0.048, ఉష్ణోగ్రతకు 0.029 మాత్రమే రావడంతో చెట్టు మొదట ఆకాశాన్ని ఎంచుకుంటుంది.

ఫీచర్ సెలెక్షన్‌కు ఇక్కడ ఒక పరిమితి ఉంది. రెండు ఫీచర్లు వేర్వేరుగా ఉన్నప్పుడే లేబుల్ 1 అయ్యే XOR వంటి సందర్భంలో, నాలుగు కలయికలూ సమానంగా వస్తే ఏ ఒక్క ఫీచర్ స్కోరైనా సున్నాయే; రెండూ కలిస్తే మాత్రం పూర్తి 1 బిట్ సమాచారం. విడివిడిగా ర్యాంకు ఇచ్చే పద్ధతి ఈ రెండింటినీ పారేస్తుంది.

ఇంకా పెద్ద చిక్కు చెట్లలో బయటపడింది. అదే పట్టికకు 1 నుంచి 14 వరకు వరుస సంఖ్యను ఒక కాలమ్‌గా చేర్చండి. ప్రతి కొమ్మలో ఒక్క వరుసే ఉంటుంది కనుక మిగిలే ఎంట్రోపీ సున్నా, గెయిన్ పూర్తి 0.940. రేపటి రోజు గురించి ఏమీ చెప్పలేని ఆ కాలమ్ అన్నింటికన్నా గొప్పదిగా తేలుతుంది. దీన్ని పట్టుకోవడం సులువు: లేబుళ్లను కలగాపులగం చేసి మళ్లీ లెక్కిస్తే, దానికి మళ్లీ 0.940 వస్తుంది. ఏ లేబుల్‌కైనా ఒకే స్కోరు తెచ్చుకునే కాలమ్‌కు లేబుల్‌తో సంబంధం లేదన్నమాట.

దీనికి విరుగుడుగా క్విన్లన్ గెయిన్‌ను ఆ కాలమ్ సొంత ఎంట్రోపీతో భాగించి గెయిన్ రేషియో అన్నారు. కానీ ఈ చిన్న పట్టికలో అదీ చాలదు: వరుస సంఖ్యకు 0.940ను 3.807తో భాగిస్తే 0.247 వస్తుంది, ఆకాశానికి 0.156 మాత్రమే.

నా దృష్టిలో సరైన జవాబు మళ్లీ కంప్రెషన్ వైపు నుంచే వచ్చింది. యోర్మా రిస్సనెన్ 1978లో ప్రతిపాదించిన సూత్రం ప్రకారం డేటాతో పాటు మోడల్‌ను పంపే ఖర్చునూ లెక్కించాలి; 1989లో క్విన్లన్, రొనాల్డ్ రివెస్ట్ దాన్ని చెట్లకు అన్వయించారు. వరుస సంఖ్యతో చీల్చిన చెట్టుకు 14 ఆకులు ఉంటాయి, ఒక్కో ఆకు లేబుల్ చెప్పడానికి ఒక బిట్ చొప్పున 14 బిట్లు ఖర్చు. ఆదా 13.2 మాత్రమే కనుక అది నష్టం. ఆకాశంతో చీల్చినా, మూడు ఆకులకు 3 బిట్లు, నాలుగు కాలమ్‌లలో ఏదో చెప్పడానికి 2 బిట్లు, కనీసం 5 బిట్ల ఖర్చుకు 3.5 బిట్లే ఆదా. అదే నిష్పత్తిలో 140 వరుసలు ఉంటే ఆదా 34.5 బిట్లకు పెరుగుతుంది, ఖర్చు మాత్రం దాదాపు అంతే ఉంటుంది. అప్పుడు ఆ చీలిక నిలుస్తుంది. వరుస సంఖ్య కాలమ్‌కు 140 ఆకులై మళ్లీ నష్టమే మిగులుతుంది.