బండిల్ సగటు పడిపోయినప్పుడు: గ్రేడు గీతలు, గ్రేస్ మార్కుల వెనుక కథ

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల అటానమస్ ఇంజనీరింగ్ కళాశాలల్లో జవాబుపత్రాలను ఫొటో తీసి తెర మీద దిద్దించే పద్ధతి వచ్చాక ఒక కొత్త చిక్కు ఎదురవుతోంది. స్పాట్ వాల్యుయేషన్ రోజుల్లో కట్టలన్నీ దిద్దడం పూర్తయి, మార్కుల పట్టికలు చేతికొచ్చిన తర్వాతే పేపరు కఠినంగా ఉందన్న సంగతి బయటపడేది. ఇప్పుడు మొదటి బండిల్ దిద్దిన సాయంత్రానికే మొత్తాలు పరీక్షల విభాగం తెర మీద కనిపిస్తాయి కాబట్టి, ఫలితం పూర్తిగా రాకముందే దాన్ని సర్దాలన్న ఒత్తిడి మొదలవుతుంది. గ్రేడు హద్దులు దించాలా, గ్రేస్ మార్కులు కలపాలా అన్నది అప్పటి ప్రశ్న. ఈ రెండూ ఒకే పనికి రెండు పేర్లని చాలామంది అనుకుంటారు గాని, వాటి పుట్టుక వేరు, అవి తీర్చే లోటు కూడా వేరు.

మన దేశంలో గ్రేస్ మార్కుల చరిత్ర మొదటి బి.ఏ. పరీక్షతోనే మొదలైంది. 1857లో ఏర్పడిన కలకత్తా విశ్వవిద్యాలయం మరుసటి ఏడాది నిర్వహించిన ఆ పరీక్షలో బంకించంద్ర ఛటర్జీ, జదునాథ్ బోస్ ఆరు సబ్జెక్టుల్లో ఐదింట బాగా రాసి, ఆరోదానిలో ఏడుకు మించని మార్కుల తేడాతో తప్పారు. ప్రత్యేక అనుగ్రహంగా వారికి పట్టాలు ఇస్తూనే, దీన్ని ముందు ముందు ఎవరూ ఆనవాయితీగా చూపకూడదని సిండికేటు రాసిపెట్టింది. ఆ మాట నిలవకపోవడం మనందరికీ తెలిసిందే. అయితే గ్రేస్ అనేది తప్పిన గీతకు దగ్గరగా ఉన్న ఒక్కొక్క అభ్యర్థి కోసం పుట్టిందే తప్ప, పేపరు మొత్తం కఠినంగా ఉన్నప్పుడు అందరికీ సర్దడానికి పుట్టలేదన్న విషయం ఇక్కడ గుర్తుంచుకోవాలి.

అందరి మార్కులనూ కలిపి సర్దే పద్ధతులు తర్వాత వచ్చాయి, కోర్టులకూ చేరాయి. ఉత్తరప్రదేశ్ జూనియర్ సివిల్ జడ్జి పరీక్షపై 2007లో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, అందరూ రాసిన ఒకే పేపరును వేర్వేరు పరీక్షకులు దిద్దడం వల్ల వచ్చే తేడాకు మోడరేషన్ తగిన మందు అనీ, సబ్జెక్టులే వేరైనప్పుడు వాడే స్కేలింగ్‌ను దీనికి వాడడం సరికాదనీ తేల్చింది. ఆ స్కేలింగ్‌లో సున్నా తెచ్చుకున్నవారికి కూడా మార్కులు పుట్టుకొచ్చాయి. పదేళ్ల తర్వాత, 2017లో, పేపరు కఠినతను బట్టి మార్కులు కలిపే తన మోడరేషన్‌ను సీబీఎస్‌ఈ పూర్తిగా ఎత్తివేయాలని చూసింది. పన్నెండో తరగతి మార్కుల్లో 95 దగ్గర అసహజమైన గుట్ట ఏర్పడుతోందన్న విమర్శ అప్పటికే ఉంది. కాని పరీక్ష ముగిశాక నియమం మార్చడం అన్యాయమంటూ ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాదికి పాత పద్ధతినే కొనసాగించమంది.

మనకు దగ్గరగా చూస్తే, ఏపీపీఎస్సీ గ్రూప్-1 మెయిన్స్ జవాబుపత్రాలకు జరిపిన డిజిటల్ మూల్యాంకనాన్ని రాష్ట్ర హైకోర్టు 2021లో పక్కనపెట్టి, చేతితో దిద్దించమని ఆదేశించింది. మరుసటి ఏడాది పదో తరగతిలో 67.26 శాతమే ఉత్తీర్ణులైనప్పుడు పది గ్రేస్ మార్కులు కలపాలన్న డిమాండు రాష్ట్రమంతటా వినిపించింది. 2024లో నీట్ రాసిన 1563 మందికి సమయం నష్టపోయారంటూ కలిపిన మార్కులను రద్దుచేసి, వారికి మళ్లీ పరీక్ష పెట్టాల్సి వచ్చింది. ఈ వివాదాల్లో చాలావరకు మార్కులు కలపవచ్చా లేదా అన్నదానికంటే, కలిపే నియమం ముందే రాసి ఉందా, దాని వెనుక లెక్క ఉందా అన్న దగ్గరే తేలాయి.

ఇక గ్రేడు హద్దుల సంగతి. 2015లో సబ్జెక్టులు ఎంచుకుని క్రెడిట్లు కూడబెట్టుకునే సీబీసీఎస్ పద్ధతికి యూజీసీ ఇచ్చిన మార్గదర్శకాలతో పది పాయింట్ల కొలమానం వచ్చింది; అందులో 'ఓ' గ్రేడుకు 10, 'ఏ ప్లస్'కు 9, అలా దిగుతూ 'పి'కి 4 పాయింట్లు ఉంటాయి. హద్దులను ముందే ఖరారు చేసిన మార్కుల మీద పెట్టుకోవచ్చు, లేదా తరగతి మొత్తం మార్కుల వ్యాప్తిని బట్టి పెట్టుకోవచ్చు అని ఆ మార్గదర్శకాలు రెండు దారులనూ చూపాయి. మన ప్రాంతపు కళాశాలల్లో ఎక్కువగా వాడుకలో ఉన్నది మొదటి దారే. కాకినాడ జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం బయటి పరీక్షకు 70, ఇంటర్నల్స్‌కు 30 మార్కులు. ఉత్తీర్ణతకు బయటి పరీక్షలో 35 శాతం, అంటే 70కి 25 రావాలి, రెండూ కలిపి వందకు 40 రావాలి. అసలు ముడి ఇక్కడే పడుతుంది. నిబంధనలు అనుమతిస్తే పై గ్రేడుల హద్దులను అటానమస్ కళాశాల బోర్డు కదపగలదు గాని, విశ్వవిద్యాలయం వేసిన ఉత్తీర్ణత గీతను కదపలేదు. దించలేని ఆ గీత దగ్గరికి విద్యార్థినే ఎక్కించాల్సి వస్తుంది కాబట్టి, ఒకప్పుడు ఒకరిద్దరికి చూపిన అనుగ్రహం ఇప్పుడు కఠినమైన పేపరుకు సర్దుబాటుగా మారింది.

లెక్క ఎలా నడుస్తుందో ఊహించిన ఉదాహరణతో చూద్దాం. రెండో సంవత్సరం గణితం పేపరు 240 మంది రాశారు. 40 జవాబుపత్రాల మొదటి బండిల్ సగటు 70కి 24 వచ్చింది, గత మూడేళ్ల సగటు 36. దీన్ని చూసి వెంటనే పేపరు కఠినమనడం తొందరపాటు. ముందుగా ఆ 40 పత్రాలు ఎవరివో చూడాలి. హాల్‌టికెట్ వరుసలోనే కట్టలు కడితే చివరి కట్టలో డిప్లొమా చదివి ఈసెట్ ద్వారా నేరుగా రెండో సంవత్సరంలో చేరిన లేటరల్ ఎంట్రీ విద్యార్థులే ఎక్కువగా ఉంటారు, వారిలో చాలామందికి గణితం కాస్త బరువు; ముందుగా దిద్దింది ఆ కట్టే కావచ్చు. అందుకని మొత్తం 240 నుంచి చీటీ తీసినట్టు మరో 40 పత్రాలు తీసి దిద్దిస్తే సగటు 27 అయింది. మార్కుల చెదురు, అంటే ప్రామాణిక విచలనం, దాదాపు 12 ఉన్నప్పుడు 40 పత్రాల సగటు అటూ ఇటూ నాలుగు మార్కుల వరకు ఊగవచ్చు కాబట్టి, 36కూ 27కూ మధ్య ఉన్న తొమ్మిది మార్కుల తేడా కాకతాళీయం కాదు. అదే తేడా మూడు మార్కులై ఉంటే దాన్ని పట్టించుకోవలసిన పని లేదు.

తర్వాత అనుమానించాల్సింది ఫొటోలను. రెండు పేజీలు ఒకేసారి తిరిగిపోవడం, అడిషనల్ షీట్లు కెమెరా కిందికి రాకపోవడం, పెన్సిల్‌తో గీసిన పటం వెలుతురుకు తేలిపోవడం అరుదేమీ కాదు. ప్రతి పత్రానికీ ఫొటోల సంఖ్యను పుస్తకం పేజీలతోను, జతచేసిన షీట్లతోను పోల్చి, ప్రశ్నలవారీ మార్కులను కూడి, తెర చూపే మొత్తంతో సరిచూస్తే ఇలాంటివి దొరుకుతాయి. ఫొటో లోపమైతే ఖాళీలు జవాబు మధ్యలో తెగిపోయినట్టు ఎక్కడబడితే అక్కడ కనిపిస్తాయి. పేపరే కఠినమైతే అందరూ ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోయి ఉంటారు.

మన ఉదాహరణలో ఆగిపోయింది నాలుగో యూనిట్ దగ్గర. యూనిట్‌కు ఇది లేదా అది అన్న పద్ధతిలో 14 మార్కుల ప్రశ్న ఉంటుంది. గతంలో అక్కడ సగటున ఎనిమిది వచ్చేవి, ఈసారి ఇచ్చిన రెండు ప్రశ్నల్లోనూ రెండే వచ్చాయి. తొమ్మిది మార్కుల తేడాలో ఆరు అక్కడే పోయాయన్నమాట, మిగిలిన మూడు ఊగిసలాటలో కలిసిపోతాయి. అదే వారం అదే విద్యార్థులు రాసిన మిగతా పేపర్ల సగటు మామూలుగానే ఉంది కాబట్టి పిల్లలు చదవలేదన్న వాదన నిలవదు. దీనికి ఇంటర్నల్ మార్కులను సాక్ష్యంగా తేవడం మాత్రం నాకు అంతగా నచ్చదు. అవి ఎప్పుడూ ఉదారంగా పైన గుమిగూడి ఉంటాయి, ఏడాదికీ ఏడాదికీ తేడా చూపవు.

ఇప్పుడు అందరికీ ఆరు మార్కులు కలిపేస్తే సరిపోతుందా? 240 పత్రాలూ దిద్దించాక స్థానాల వారీగా పోల్చి చూద్దాం. గత మూడేళ్లలో కింది నుంచి ఐదో వంతు దగ్గర ఉన్న విద్యార్థికి 25 మార్కులు వచ్చేవి, ఈసారి అదే స్థానంలో 19 ఉన్నాయి. నడిమి విద్యార్థికి 36 బదులు 27, పై అయిదు శాతం గీత దగ్గర 62 బదులు 58. నష్టం కింద ఆరు, నడుమ తొమ్మిది, పైన నాలుగు. కిందివారు మామూలు ప్రశ్న వచ్చినా పూర్తి మార్కులు తెచ్చుకునేవారు కారు, పైవారు కఠినమైనదాన్నీ కొంతవరకు సాధించారు. దెబ్బ బాగా తగిలింది నడుమవారికే. అందరికీ ఆరు కలిపితే నడిమి విద్యార్థి 33 దగ్గర ఆగి ఇంకా నష్టంలోనే ఉంటాడు, 58 వచ్చిన విద్యార్థి 64కు చేరి లాభపడతాడు, 66 వచ్చిన విద్యార్థి మార్కులు 70 దగ్గర కత్తిరించాల్సి వస్తుంది.

కేవలం గ్రేస్ ఇస్తే 19 నుంచి 24 వరకు వచ్చినవారంతా 25కు చేరతారు, స్వయంగా 25 తెచ్చుకున్నవారూ అక్కడే నిలుస్తారు, ఒకే అంకె మీద గుట్ట ఏర్పడుతుంది. పైన గ్రేడు పోగొట్టుకున్న నడిమి విద్యార్థికి ఒక్క మార్కూ దక్కదు. కాబట్టి నాకు సబబుగా తోచేది రెంటినీ వాటి వాటి చోట వాడడం: పై గ్రేడుల హద్దులను స్థానాల లెక్క ప్రకారం, అంటే 62 దగ్గర ఉన్నదాన్ని 58కి, 36 దగ్గర ఉన్నదాన్ని 27కి దించి, కదపలేని ఉత్తీర్ణత గీత దగ్గర మాత్రం ఆరు మార్కుల వరకు గ్రేస్ ఇవ్వడం. మార్కుల పట్టికలో అసలు మార్కు, కలిపిన మార్కు వేర్వేరు గడుల్లో ఉండాలి. ఇంకో మెలిక కూడా ఉంది: గ్రేస్‌తో బయటి పరీక్షలో 25కు చేరినా, ఇంటర్నల్స్‌లో 14 మాత్రమే ఉన్న విద్యార్థి మొత్తం 39 దగ్గర ఆగి మళ్లీ తప్పుతాడు. మొత్తం మీది గీతకు కూడా గ్రేస్ వర్తిస్తుందో లేదో తీర్మానంలో స్పష్టంగా రాయకపోతే ఆ ఒక్క మార్కు మీదే దరఖాస్తులు వస్తాయి.

ఇదంతా బోర్డు ముందు పెట్టేటప్పుడు పట్టికలో పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు ఉండకూడదు. ఏ గీత దించితే ఎవరు గట్టెక్కుతారో తెలిసినవారు ఆ గీత ఎక్కడ పడాలో నిర్ణయించకూడదు. నాలుగో యూనిట్ ప్రశ్న కఠినమైనదేనా, లేక సిలబస్‌లో లేనిదా అన్నది కూడా అప్పుడే తేల్చాలి. సిలబస్‌లో లేనిదైతే ఈ స్థానాల లెక్క అంతా అనవసరం. ఆ ప్రశ్నను తొలగించి, మిగిలిన 56 మార్కులను 70కి పెంచి చూపడమే సరైన దారి. అప్పుడు రాసినవారు, రాయనివారు అన్న తగాదా కూడా ఉండదు.

ఫలితం ప్రకటించాక రీవాల్యుయేషన్ దరఖాస్తులు వస్తాయి. 17 మార్కులతో తప్పిన విద్యార్థికి పునర్మూల్యాంకనంలో 20 వస్తే, మొదటి ఫలితం నాటి ఆరు మార్కుల గ్రేస్ అతనికీ వర్తించాలి, ఎందుకంటే అతను రాసింది కూడా అదే కఠినమైన పేపరు. కాని ఆ సబ్జెక్టును తర్వాతి సప్లిమెంటరీలో రాసిన విద్యార్థికి ఈ హద్దులు వర్తించవు. అది వేరే పేపరు, దాని కాఠిన్యాన్ని దాని మార్కులతోనే తేల్చాలి. సప్లిమెంటరీ రాసేది ఎక్కువగా తప్పినవారే కాబట్టి గత రెగ్యులర్ సగటులతో దాన్ని పోల్చడం కుదరదు, పోల్చాలంటే పాత సప్లిమెంటరీల మార్కులే బయటికి తీయాలి.