సగానికి అడగాలా? లెదర్ బ్యాగు బేరంలో అపోహలు - వాస్తవాలు

వీధి బజార్లో సరుకు మీద ధర రాసి ఉండదు. అందుకే బేరమంటే నోటి నేర్పు అనుకుంటారు చాలామంది. నిజానికి బేరంలో ముప్పాతిక భాగం నోరు తెరవకముందే అయిపోతుంది. సరుకు ఏ రకమో, ఆ రకం ఎంతకు పోతోందో తెలిసినవాళ్ళు గొంతు పెంచరు, వ్యాపారిని చిన్నబుచ్చరు, నాలుగు మాటల్లో తేల్చేస్తారు. భుజానికి తగిలించుకునే లెదర్ బ్యాగునే ఉదాహరణగా తీసుకుందాం. బజార్లో ఎక్కువ మంది ఎక్కువ తేడాతో డబ్బు పోగొట్టుకునే సరుకు ఇది. ఏ ఊళ్ళో ఏ డబ్బైనా పనికొచ్చేలా, వ్యాపారి దాన్ని కొన్న ధరను 100 అనుకుని లెక్క వేద్దాం.

అపోహ: చెప్పినదాంట్లో సగానికి అడిగితే మోసపోము

చెప్పే ధరకూ కొన్న ధరకూ మధ్య కట్టుబడిన లెక్కంటూ ఏదీ లేదు. ఒకే బ్యాగును ఇద్దరు వ్యాపారులు 100కి తెచ్చారనుకోండి. రవాణా, చోటు అద్దె, రోజంతా నిలబడినందుకు కూలి, అమ్ముడుపోక మిగిలిపోయే సరుకు వల్ల వచ్చే నష్టం, అన్నీ కలిపి ఒక్కో బ్యాగు మీద ఇంకో 40 పడిందనుకుందాం. అంటే 140 దగ్గర ఖర్చులు తేలతాయి. ఆ పైన వచ్చేదే ఆయన ఇంటికి తీసుకెళ్ళే లాభం.

ఇప్పుడు మొదటి వ్యాపారి 180 చెప్పాడు, రెండో వ్యాపారి 400 చెప్పాడు. సగం సూత్రం పట్టుకుని వెళితే మొదటాయన్ని 90కి అడుగుతాం. అది ఆయన కొన్న ధర కంటే తక్కువ, మొహం తిప్పుకుంటాడు. రెండో ఆయన దగ్గర 200 ఇచ్చి, భలే తగ్గించామని సంబరపడతాం. నిజాయతీగా ధర చెప్పినవాణ్ణి అవమానించి, పెంచి చెప్పినవాడికి ఎక్కువ ముట్టజెప్పామన్నమాట. కొనేవాళ్ళు సగానికే అడుగుతారని తెలిసిన బజార్లో ధరలు రెట్టింపు చేసే చెప్తారు, ఆ మాత్రం వాళ్ళకూ తెలుసు.

సరైన ధర తెలుసుకోవడానికి వేరే దారి ఉంది. ఒకే రకం సరుకు ఉన్న 3 దుకాణాల్లో ధర అడగండి, బేరం మాత్రం ఆడకండి. "అన్నా, ఊరికే రేటు తెలుసుకుంటున్నాను, నాలుగు చోట్ల చూసి వస్తాను" అని ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. 240, 220, 260 అన్నారనుకోండి. తర్వాత ధర చీటీ అంటించి అమ్మే షాపులో అదే రకానిది చూడండి. అక్కడ 230 ఉంటే, అందులో పెద్ద అద్దె, కరెంటు, జీతాలు కలిసి ఉంటాయి కాబట్టి వీధిలో దానికంటే తక్కువకే రావాలి. అన్నిటికంటే విలువైన సమాచారం మీకంటే ముందు కొన్న మనిషి నిజంగా ఎంత చెల్లించాడన్నది. కాసేపు పక్కన నిలబడితే తెలుస్తుంది. ఆయన 165 ఇచ్చి వెళ్ళాడంటే, 150 నుంచి 175 మధ్య ఎక్కడ కుదిరినా న్యాయమే.

అపోహ: వాసన చూస్తే తోలో కాదో తెలిసిపోతుంది

వాసన నమ్మదగ్గది కాదు. రెక్సిన్‌కు కూడా తోలు వాసన పట్టించవచ్చు. "ఒరిజినల్ లెదర్" అని ముద్ర ఉన్నా అది తోలని మాత్రమే చెబుతుంది, ఎలాంటి తోలో చెప్పదు. చర్మాన్ని పొరలుగా చీల్చినప్పుడు పైపొర గట్టిది, కింది పొర బలహీనమైనది. కింది పొర మీద ప్లాస్టిక్ పూత వేసి అందంగా చేసినా అదీ తోలే అవుతుంది. దానికి పైపొర ధర మాత్రం ఇవ్వకూడదు.

చూడాల్సింది కోసిన అంచు. బ్యాగు లోపల లైనింగ్ ఉంటుంది కాబట్టి తోలు వెనక వైపు కనపడదు. అందుకే పట్టీ చివర, బకిల్ రంధ్రం, లోపలి జేబు అంచు, ఈ మూడు చోట్లా చూడండి. తోలైతే సన్నని పోగులు చిక్కుపడి ముద్దగా, అంచు మందమంతా ఒకేలా కనిపిస్తాయి. రెక్సిన్ అయితే పైన పలచటి ప్లాస్టిక్ పొర, దాని కింద నేసిన గుడ్డ వేరువేరుగా కనిపిస్తాయి. తోలు పొడిని జిగురుతో అతికి చేసిన రకం ఇంకొకటి ఉంది. దాని అంచు పొడిపొడిగా ఉంటుంది, పొడుగు పోగులు కనపడవు. కొన్నాళ్ళు వాడాక ఇది పొలుసులుగా ఊడిపోతుంది. అంచుకు రంగు దట్టంగా పూసి మూసేసి ఉంటే వాడని బకిల్ రంధ్రంలోకి చూడండి, అక్కడ పూత సాధారణంగా చేరదు.

బొటనవేలితో నొక్కినప్పుడు తోలు మీద సన్నటి ముడతలు ఒక పద్ధతి లేకుండా పరుచుకుంటాయి. అయితే మందమైన పూత వేసిన మంచి తోలు కూడా ఒక్కోసారి రెక్సిన్‌లా ప్రవర్తిస్తుంది కాబట్టి ఈ పరీక్ష ఒక్కదానితో తేల్చేయకండి. అగ్గిపుల్ల పరీక్ష అసలే వద్దు, సరుకు ఇంకా మీది కాలేదు.

తోలు బాగున్నా కుట్టు బాగోకపోతే బ్యాగు నిలవదు. అంగుళానికి సుమారు 6 నుంచి 8 కుట్లు ఉంటే మేలు. మరీ దగ్గరగా ఉంటే బలమనుకుంటారు గానీ, అన్ని రంధ్రాల వల్ల పోస్టు స్టాంపు చిరిగినట్టు ఆ గీత వెంటే తోలు తెగుతుంది. బరువంతా పట్టీ బ్యాగుకు కలిసే చోట పడుతుంది. అక్కడ చతురస్రంగా కుట్టి మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తు వేసి ఉందా, లేక ఒకే వరుస కుట్టుతో వదిలేశారా చూడండి. ఒకే వరుస ఉన్న బ్యాగు బరువులకు పనికిరాదు.

అపోహ: సరుకును ఎంత తీసిపారేస్తే ధర అంత తగ్గుతుంది

"ఇదేం బ్యాగు, దీనికి ఎవరిస్తారు అంత" అంటే వ్యాపారి దగ్గర మంచి జవాబు సిద్ధంగా ఉంటుంది: "అయితే ఎందుకు చూస్తున్నారు?" అక్కడితో బేరం చెడుతుంది. మొత్తం సరుకును తిట్టడం వేరు, ఫలానా చోట ఫలానా లోపం ఉందని చూపడం వేరు. రెండోదానికి ఆయన జవాబు చెప్పాలి, ఎందుకంటే తర్వాత వచ్చేవాళ్ళూ అది చూస్తారు.

లోపానికి ఎంత తగ్గించమనాలో కూడా లెక్క ఉంది, బాగు చేయించడానికి అయ్యే ఖర్చే ఆ లెక్క. జిప్పు 3 సార్లు తెరిచి మూయండి, ముఖ్యంగా మూలల దగ్గర. పళ్ళు బాగుండి రన్నర్ మాత్రమే వదులుగా ఉంటే అది చిన్న పని. పళ్ళే విరిగితే కుట్లు విప్పి జిప్పు మొత్తం మార్చాలి. బ్యాగు మరమ్మతుల్లో ఇది ఖరీదైన పనుల్లో ఒకటి. దానికి 25 అవుతుందని తెలిస్తే 25 తగ్గించమనడం న్యాయం, 80 తగ్గించమనడం దబాయింపు. ఒక దారం ముక్క వేలాడుతోందని ధర తగ్గించమనేవాళ్ళను చూసి వ్యాపారులు లోపల నవ్వుకుంటారు.

తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడాలంటే "ఒక్కసారి మూల మీద రుద్ది చూడొచ్చా అన్నా?" అని అడిగి, కనపడని చోటే రుద్దండి. సరుకు తెలిసినవాళ్ళని ఆయనకూ అప్పుడే అర్థమవుతుంది. చాలాసార్లు అడక్కుండానే ధర ఒక మెట్టు దిగుతుంది.

అపోహ: "ఇదే చివరి మాట" అంటే అదే చివరి మాట

ఆయన మాటను కాదు, మెట్లను వినండి. మనం ఎంచుకున్న బ్యాగుకు 240 చెప్పాడు. 150 - 175 న్యాయమని మనకు తెలుసు కాబట్టి, "మంచి సరుకే అన్నా, నేను 140 అనుకుని వచ్చాను" అన్నాం. ఆయన 210కి వచ్చాడు, మనం 155. ఆయన 190, మనం 165. ఆయన 180 అన్నాడు. ఆయన దిగిన మెట్లు 30, 20, 10. మెట్లు చిన్నవవుతున్నాయంటే ఆయన అట్టడుగు ధర దగ్గర పడిందని గుర్తు. ఇక్కడ మనం "170 చేసుకోండి, డబ్బులు చేతిలో ఉన్నాయి" అంటే చాలావరకు కుదిరిపోతుంది. అదే 240, 200, 160 అని సమానంగా దిగుతుంటే ఆ అట్టడుగు ఇంకా తగల్లేదన్నమాట.

ఆరితేరిన వ్యాపారులు కావాలనే మెట్లు కుదిస్తారు, అదీ ఉంది. 400 చెప్పి 370, 360, 355 అని ఆగిపోతారు. ముందు 3 చోట్ల అడిగి వచ్చినవాళ్ళు అక్కడ పడరు. మన మెట్లు కూడా చిన్నవి కావాలి, 140 నుంచి ఒకేసారి 170కి ఎగిరితే ఇంకా పైకి వస్తారనే ఆయన అనుకుంటాడు.

అపోహ: వెళ్ళిపోతున్నట్టు నటిస్తే తప్పక పిలుస్తారు

నటన కాకుండా నిజంగా వెళ్ళగలిగితేనే ఇది పనిచేస్తుంది. "సరే అన్నా, నాకు అంత పడదు, పర్లేదు" అని నవ్వుతూ కదలండి. పిలిస్తే మీరడిగిన ధర ఆయనకు గిట్టుతుంది. పిలవకపోతే గిట్టదు, అంతే. మరో 2 దుకాణాల్లోనూ అదే ధరకు పిలవలేదంటే మీ అంచనాయే తక్కువ. మొదటాయన దగ్గరికి తిరిగి వెళ్ళి "మీరు చెప్పిందే సరైనది" అనడంలో చిన్నతనమేమీ లేదు. అలా వచ్చినవాళ్ళకు ఇంకో 5 తగ్గించే వ్యాపారులు ఉన్నారు.

సాయంత్రం దుకాణం కట్టేసేటప్పుడు వెళితే చవకన్నది పాడైపోయే సరుకుకే ఎక్కువ వర్తిస్తుంది. బ్యాగు రేపటికీ బ్యాగే, దాన్ని నష్టానికి వదిలించుకోవాల్సిన తొందర ఆయనకు లేదు. రెండు కొంటే తగ్గిస్తారన్నది మాత్రం నిజం, ఒకే బేరంలో రెండు అమ్ముడైతే ఆయనకు సమయం కలిసొస్తుంది. అయితే ఒకదానికి ధర కుదిరాక రెండోది అడగండి, మొదటే రెండంటే ఆయన ధర ఎక్కువ నుంచి మొదలుపెడతాడు.

అపోహ: ఆయన ఒప్పుకున్నాక కూడా ఆలోచించుకోవచ్చు

మర్యాద చెడేది ఇక్కడే. మీ నోటితో 170 అని, ఆయన సరే అన్నాక "ఇంకో దుకాణం చూసి వస్తా" అంటే ఆ బజార్లో మీ మాటకు విలువ పోతుంది. కొనే ఉద్దేశం లేకపోతే అంకె చెప్పనే కూడదు, రేటు అడగడం దగ్గరే ఆగాలి. ధర కుదిరాక మళ్ళీ 10 తగ్గించమనడం, ఉచితంగా పర్సు ఇమ్మనడం కూడా అంతే. 165కి అడిగి జేబులోంచి పెద్ద నోటు తీయడం ఇంకో ఇబ్బంది, కాబట్టి చిల్లర ముందే విడిగా పెట్టుకోండి. డబ్బు ఇచ్చేముందు మీరు పరీక్షించిన బ్యాగే కవర్లో పెడుతున్నారా, కట్ట కింది నుంచి ఇంకొకటి తీస్తున్నారా చూసుకోండి. వేరేది తీస్తే "నేను చూసిందే ఇవ్వండి అన్నా" అనండి. కొత్త పీసే కావాలంటే పట్టీ అంచు, జిప్పు మళ్ళీ మొదటి నుంచి చూడండి.