పొట్ట తగ్గితే టెస్టోస్టెరాన్ ఎంత పెరుగుతుంది?

నలభై దాటిన మగవాళ్లు చేయించుకునే ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీల్లో ఈమధ్య టెస్టోస్టెరాన్ పరీక్ష కూడా చేరింది. రిపోర్టులో డెసిలీటరుకు 280 నానోగ్రాములని ఉంటుంది, పక్కనే ‘తక్కువ’ అన్న గుర్తు. నడుము చుట్టుకొలత 100 సెంటీమీటర్లు దాటిన మనిషికి ఈ అంకె రావడం మామూలే. దానికి తోడు అంగస్తంభన కూడా మునుపటిలా లేకపోతే, హార్మోన్ తగ్గబట్టే ఇలా అయిందని, ఒక ఇంజెక్షన్ పడితే సరిపోతుందని అనుకుంటాడు. నిజానికి పొట్ట ఈ రెండింటినీ వేర్వేరు దారుల్లో దెబ్బ తీస్తుంది. బరువు తగ్గాక అవి కోలుకునే తీరు కూడా ఒకటి కాదు.

ముందు హార్మోన్ సంగతి చూద్దాం. రక్తంలోని టెస్టోస్టెరాన్‌లో చాలా భాగం ప్రోటీన్లకు అతుక్కుని తిరుగుతుంది. ఏ ప్రోటీన్‌కూ అంటుకోకుండా ఉన్న కొద్దిపాటి భాగాన్ని ఫ్రీ టెస్టోస్టెరాన్ అంటారు. మామూలు ల్యాబ్ రిపోర్టులో వచ్చేది ఈ రెండూ కలిసిన టోటల్ అంకె. హార్మోన్‌ను గట్టిగా పట్టుకునే ప్రోటీన్ పేరు ఎస్‌హెచ్‌బీజీ. దాన్ని తయారుచేసేది కాలేయం. పొట్ట లోపల కొవ్వు పేరుకుని, కాలేయానికి కూడా కొవ్వు పట్టి, ఒంట్లో ఇన్సులిన్ ఎప్పుడూ ఎక్కువగా ఉంటే కాలేయం ఈ ప్రోటీన్‌ను తక్కువగా తయారుచేస్తుంది. దాంతో టోటల్ అంకె పడిపోతుంది. ఫ్రీ టెస్టోస్టెరాన్ మాత్రం చాలామందిలో మామూలుగానే ఉంటుంది. అంటే వృషణాలు తమ పని తాము చేస్తూనే ఉన్నాయి.

ఊబకాయం బాగా ముదిరినప్పుడు కథ మారుతుంది. అప్పుడు మెదడు నుంచి వృషణాలకు వెళ్లే ఎల్‌హెచ్ అనే ఆజ్ఞ కూడా బలహీనపడి, ఫ్రీ టెస్టోస్టెరాన్ సైతం తగ్గుతుంది. కొవ్వు కణజాలం నుంచి వచ్చే వాపు రసాయనాలు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఇందుకు కారణాలని భావిస్తున్నారు. కొవ్వు టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుందని, అసలు కారణం అదేనని విస్తృతంగా ప్రచారంలో ఉంది. ఆ మార్పిడి జరిగేది నిజమే. కానీ టెస్టోస్టెరాన్ తగ్గిన స్థూలకాయుల్లో ఈస్ట్రోజన్‌ను కొలిచి చూస్తే, అది పెరగనివాళ్లే చాలామంది కనిపించారు. అందుకే ఆ ఒక్క కారణంతో సరిపెట్టుకోలేం.

ఏ మాత్రలకో ఇంజెక్షన్లకో వెళ్లే ముందు ఆ 280ని మళ్లీ పరీక్షించుకోవాలి. పొద్దున్నే, పరగడుపున, వేరే రోజున మరోసారి రక్తం ఇవ్వాలి. తిన్న తర్వాత, అందులోనూ తీపి తిన్న తర్వాత, అంకె పడిపోతుంది. సాయంత్రం ఇచ్చిన శాంపిల్‌లోనూ, జ్వరం వచ్చి తగ్గిన వారంలోనూ తక్కువే చూపిస్తుంది. రెండోసారి కూడా తక్కువే వస్తే ఎస్‌హెచ్‌బీజీ, ఎల్‌హెచ్ చూడమని డాక్టర్‌ను అడగాలి.

ఇక అంగస్తంభన ప్రధానంగా రక్తనాళాల పని. నాళం లోపలి పొర నుంచి, నరాల నుంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలైతే కండరం వదులై రక్తం నిండుతుంది. షుగర్, బీపీ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉండే ఒంట్లో ఆ పొర దెబ్బతిని, నైట్రిక్ ఆక్సైడ్ చాలినంత రాదు. పురుషాంగంలోని ధమని వెడల్పు ఒకటి, రెండు మిల్లీమీటర్లే. గుండె ధమనులు మూడు, నాలుగు మిల్లీమీటర్లు ఉంటాయి. చెడు ముందు సన్నటి నాళంలో బయటపడుతుంది కాబట్టి, గుండె జబ్బుకు కొన్నేళ్ల ముందే స్తంభన తగ్గడం చాలామందిలో కనిపిస్తుంది. హార్మోన్ పాత్ర లేదని కాదు. యూరప్‌లో వేలమంది మగవాళ్లను పరిశీలించిన ఒక అధ్యయనంలో, టోటల్ టెస్టోస్టెరాన్ సుమారు 245 కంటే తగ్గినప్పుడు స్తంభన సమస్యకు, హార్మోన్‌కు సంబంధం స్పష్టంగా కనిపించింది. 280 ఉన్న మనిషి విషయంలో ముందు అనుమానించాల్సింది రక్తనాళాలనే.

మనవాళ్లకు ఇక్కడ ఒక తేడా ఉంది. పొట్ట, షుగర్, బీపీ, రక్తంలో కొవ్వులు కలిసి గాడితప్పే స్థితిని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. దాన్ని గుర్తించడానికి దక్షిణాసియా మగవారికి నడుము హద్దు 90 సెంటీమీటర్లు. దానికి తోడు ట్రైగ్లిజరైడ్లు 150 చేరడం, మంచి కొలెస్ట్రాల్ 40 కంటే తగ్గడం, బీపీ 130/85 చేరడం, పరగడుపు షుగర్ 100 చేరడం. ఈ ఐదింటిలో ఏ మూడు ఉన్నా సిండ్రోమ్ ఉన్నట్టే. ఒకే బీఎంఐ దగ్గర మనవాళ్ల ఒంట్లో కొవ్వు ఎక్కువ ఉంటుంది కాబట్టి, చేతులూ కాళ్లూ సన్నగా ఉండి పొట్ట మాత్రమే ఉన్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది.

సరే, బరువు తగ్గితే ఎంత లాభం? 2013లో వచ్చిన ఒక సమీక్ష అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి చూసింది. ఆహార నియమాలతో సుమారు 10 శాతం బరువు తగ్గినవాళ్లలో టోటల్ టెస్టోస్టెరాన్ సగటున 80 నానోగ్రాముల పైచిలుకు పెరిగింది. బరువు తగ్గించే బేరియాట్రిక్ సర్జరీతో సుమారు 32 శాతం తగ్గినవాళ్లలో 250 దాకా పెరిగింది. అంటే 95 కిలోలుండి 280 చూపించే మనిషి తొమ్మిది, పది కిలోలు తగ్గితే 360 దరిదాపుల్లోకి రావచ్చు. ఇది సగటు లెక్క. ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. అయితే ఆ 80లో చాలా భాగం ఎస్‌హెచ్‌బీజీ తిరిగి పెరగడం వల్ల వచ్చేదే. ఇందాక చెప్పిన యూరప్ అధ్యయనంలోనే, 15 శాతానికి మించి బరువు తగ్గినవాళ్లలో మాత్రమే ఫ్రీ టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్ కూడా స్పష్టంగా పెరిగాయి. ఐదారు కిలోలు తగ్గగానే కోరిక, బలం మారిపోతాయని ఆశించి నిరాశపడేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. బరువు మళ్లీ పెరిగితే అంకె మళ్లీ కిందికే వెళ్తుంది.

స్తంభన లెక్క వేరు. ఇటలీలోని నేపుల్స్‌లో చేసిన ఒక ప్రయోగం 2004లో వెలువడింది. స్థూలకాయం, స్తంభన సమస్య ఉండి, షుగర్ లేని 110 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆహారం, వ్యాయామం మీద రెండేళ్లపాటు గట్టి పర్యవేక్షణ ఇచ్చారు. వాళ్ల బీఎంఐ 36.9 నుంచి 31.2కు దిగింది, వ్యాయామం వారానికి 195 నిమిషాలకు చేరింది. ఆ 55 మందిలో 17 మందికి స్తంభన స్కోరు మామూలు స్థాయికి వచ్చింది. రెండో గుంపులో ముగ్గురికే వచ్చింది. అంటే అంత కష్టపడ్డా పూర్తిగా బాగుపడింది మూడోవంతు మందే. ఇది ఒకే కేంద్రంలో జరిగిన చిన్న ప్రయోగం కూడా. దీన్ని నేను ఆశకు పై హద్దుగా చూస్తాను.

షుగర్ వ్యాధి వచ్చేశాక ఫలితం ఇంకా తక్కువ. అమెరికాలో షుగర్ ఉన్నవాళ్ల బరువు తగ్గించి చూసిన లుక్ అహెడ్ ట్రయల్‌లో ఏడాది తర్వాత చూస్తే, బరువు తగ్గిన గుంపులోనూ మరో గుంపులోనూ మెరుగైనవాళ్ల శాతం దాదాపు సమానమే. తేడా వచ్చింది దిగజారినవాళ్లలో. బరువు తగ్గిన గుంపులో 8 శాతం మంది దిగజారితే, రెండో గుంపులో 20 శాతం మంది దిగజారారు. ఏళ్ల తరబడి షుగర్ వల్ల నరాలు, నాళాలు పాడయ్యాక కొవ్వు తీసేసినంత మాత్రాన అవి తిరిగి రావు. ఉన్నది నిలబడుతుంది. అందుకే షుగర్ రాకముందే, నడుము 95 దగ్గర ఉన్నప్పుడే మొదలుపెట్టినవాడికి ఎక్కువ దక్కుతుంది.

పిల్లలు కావాలనుకునేవారు ఇంజెక్షన్‌కు తొందరపడకూడదు. బయటి నుంచి టెస్టోస్టెరాన్ ఇస్తే మెదడు ఎల్‌హెచ్ పంపడం ఆపేస్తుంది, వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది, మానేశాక అది కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు. బరువు తగ్గుతున్న కాలంలో స్తంభన కోసం సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు డాక్టర్ సలహాతో వాడుకోవచ్చు. ఛాతీ నొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్లు మాత్రం ఈ స్తంభన మాత్రలను అసలు ముట్టుకోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. పది శాతం తగ్గి ఆరు నెలలైనా స్తంభన మారకపోతే, టెస్టోస్టెరాన్ అంకెను మళ్లీ మళ్లీ చూసుకుంటూ కూర్చోకుండా గుండె డాక్టర్‌ను కలవాలి.