నోటీసు పంపాం సరే, ఏ రోజు అందింది?

ఫిబ్రవరి దాటితే నా టేబుల్ మీదికి లిఫ్టు ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు, కాగితాలు వస్తుంటాయి. మొన్న వచ్చింది ఎంవీపీ కాలనీలోని ఒక అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు.

అపోహ: గడువులోగా పోస్టు చేస్తే చాలు.

"రెన్యూ వద్దని ఫిబ్రవరి 26నే నోటీసు స్పీడ్ పోస్టు చేశామండీ, రసీదు కూడా ఉంది" అన్నారాయన. కాంట్రాక్టు 2026 మార్చి 31తో ముగుస్తుంది. అంతకు కనీసం 30 రోజుల ముందు రాతపూర్వక నోటీసు "అందకపోతే" మరో ఏడాదికి దానంతటదే రెన్యూ అవుతుందని క్లాజు. పంపాలి అని రాసి ఉంటే ఆయన గెలిచినట్టే. అందాలి అని ఉంది కాబట్టి వెనక్కి లెక్కపెట్టాలి. 31 నుంచి 30 రోజులు వెనక్కి వెళ్తే మార్చి 1, ఆదివారం. కవరు చేరింది సోమవారం. ఒక్క రోజు తేడాకి లిఫ్టు కంపెనీ వాళ్ళు ఏడాది బిల్లు పంపారు.

అదృష్టం కొద్దీ ఆయన 26నే ఈమెయిల్ కూడా పెట్టారు. కానీ కాంట్రాక్టులో నోటీసులకని ఇచ్చిన ఐడీకి కాదు, కంప్లయింట్ల ఐడీకి. ఐటీ చట్టం 13వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకుంటే, వాళ్ళు చెప్పిన ఐడీకి పంపిన మెయిల్ అందులో చేరగానే అందినట్టు. వేరే ఐడీకి పంపితే వాళ్ళు తీసి చూసినప్పుడే. టికెట్ నంబరుతో వచ్చిన ఆటో రిప్లై చూపిస్తే, మనిషెవరూ చూడలేదని వాదిస్తారు. ఇన్‌బాక్స్ వెతికిస్తే 28న బ్రాంచి మేనేజరు జవాబు దొరికింది: "మరోసారి ఆలోచించండి, డిస్కౌంటు ఇస్తాం." ఆ ఒక్క లైను చూపించి జవాబు రాస్తే బిల్లు వెనక్కి తీసుకున్నారు.

ఆ మెయిల్ డిలీట్ చేయొద్దని ఆయనకు రెండుసార్లు చెప్పాను. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. కోర్టుదాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి, అసలు మెయిల్ ఉంటేనే ఆ పని తేలిక.

అపోహ: ఆటోపే ఆపేస్తే సర్వీసు రద్దయినట్టే.

ఆగేది డబ్బు కోత మాత్రమే. కాంట్రాక్టు నడుస్తూనే ఉంటుంది, బాకీ పేరుకుంటుంది.

అపోహ: టెక్నీషియన్‌కి వాట్సాప్‌లో చెప్పాం కదా.

నోటీసు తీసుకునే అధికారం అతనికి ఉందా? చాలా కాంట్రాక్టుల్లో ఉండదు. పాపం, అతను లిఫ్టు బాగుచేయడానికి వస్తాడు.

అపోహ: పోస్టు రసీదే రుజువు.

కవరు వెళ్ళిందని రసీదు చెబుతుంది, లోపల ఏముందో చెప్పదు. అందుకే నోటీసు పైనే స్పీడ్ పోస్టు నంబరు రాసి, ఆ కాపీని అదే రోజు నోటీసుల ఐడీకి మెయిల్ చేయిస్తాను. డెలివరీ ట్రాకింగ్ పేజీ వెంటనే ప్రింటు తీయాలి, కొంతకాలం తర్వాత అది సైటులో కనిపించదు.

వాళ్ళ ఆఫీసు ద్వారకానగర్‌లోనే ఉంటే ఇదంతా దేనికి? రెండు కాపీలు పట్టుకెళ్ళి, ఒకదాని మీద సీలు, సంతకం, తేదీ వేయించుకోండి. కాదంటే అప్పుడే పోస్టు చేయండి. "తీసుకోలేదు" అన్న రాతతో కవరు తిరిగొస్తే మాత్రం దాన్ని చించకుండా అలాగే నాకు తెచ్చివ్వండి.